చీకటిని తేల్చాలి, మచ్చల్ని కాదు

దీపావళి రాత్రి తీసే ఫోటోల్లో చాలావాటికి ఒకే జబ్బు. అరుగు మీద వరసగా ప్రమిదలు, వాటి వెనక పట్టుచీర కట్టుకుని కూర్చున్న అమ్మమ్మ. కెమెరా దీపాల వెలుగునే లెక్కలోకి తీసుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. మంటలు చక్కగా వస్తాయి, అమ్మమ్మ మాత్రం చీకట్లో కలిసిపోతుంది. ఫోటో తెరిచి `Shadows` అనే స్లైడర్‌ని కుడివైపు చివరిదాకా లాగుతాం. చీర బయటపడుతుంది కానీ, ఆకుపచ్చ పట్టు మీద ఎక్కడా లేని ఊదారంగు, గోధుమరంగు మచ్చలు కూడా బయటపడతాయి. నాయిస్ తగ్గించే స్లైడర్‌ని కూడా లాగామంటే జరీ అంచు చెదిరిపోతుంది, ముఖం మీది ముడతలు పోయి మైనపు బొమ్మ తేలుతుంది. మచ్చలు మాత్రం పోవు, ఇంకాస్త పెద్దవై మెత్తబడతాయి.

చీకట్లో వివరం ఉంది, దాన్ని పైకి తేవచ్చు. అయితే నాయిస్ అంతా ఒకటి కాదు. అందులో కొంత తీసెయ్యాలి, కొంత ఉండనివ్వాలి. ఏది ఏదో తెలియకుండా స్లైడర్లు లాగడం వల్లే మచ్చలు వస్తున్నాయి.

వెలుగు తక్కువైతే లెక్క తప్పుతుంది

కెమెరా సెన్సర్ మీద ఉండే ఒక్కో పిక్సెల్ తన మీద పడిన కాంతి కణాలను పోగుచేసుకుంటుంది. అవి సమానంగా పడవు. చేత్తో విత్తనాలు చల్లినట్టు ఉంటుంది వ్యవహారం. ఒత్తుగా చల్లిన చోట ఏ జానెడు నేల చూసినా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. పలచగా చల్లిన చోట ఒక జానెడులో నాలుగు గింజలు, పక్క జానెడులో ఒక్కటీ ఉండదు.

దీనికి లెక్క కూడా ఉంది. సగటున ఎన్ని కణాలు పడతాయో, వాటి వర్గమూలం ఎంతో, హెచ్చుతగ్గులు సుమారుగా అంత. దీపం వెలుగు బాగా పడిన గోడ మీద ఒక పిక్సెల్‌కి 10,000 కణాలు వచ్చాయనుకుందాం. తేడా 100, అంటే నూటికి ఒకటి. కంటికి ఆనదు. చీకట్లో ఉన్న చీర మడతలో 25 కణాలే వచ్చాయనుకుంటే తేడా 5, అంటే నూటికి ఇరవై. దానికి తోడు సెన్సర్ నుంచి అంకెను చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ కలిపే చిన్న పొరపాటు ఒకటి. గోడ దగ్గర అది లెక్కలోకే రాదు, మడతలో మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ మడతను మూడు స్టాప్‌లు పైకి తెద్దాం. ఒక స్టాప్ అంటే రెట్టింపు, మూడు స్టాప్‌లంటే ఎనిమిది రెట్లు. 25 కాస్తా 200 అవుతుంది, 5 కాస్తా 40 అవుతుంది. నిష్పత్తి అదే నూటికి ఇరవై. అంటే వెలుగు పెంచడం వల్ల నాయిస్ కొత్తగా పుట్టలేదు. ముందునుంచీ ఉన్నదే, నలుపులో కలిసి ఉండటం వల్ల మన కంటపడలేదు. ఇంతవరకు అది మచ్చ కూడా కాదు. పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య తేడా, సన్నటి గ్రెయిన్. పాత ఫిల్మ్ ఫోటోల్లో ఇలాంటి గ్రెయిన్ ఎంతో చూశాం, ఎవరూ తప్పుపట్టలేదు. మరి మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చింది?

గ్రెయిన్ మచ్చగా మారే మూడు చోట్లు

మొదటిది రంగు దగ్గర. సెన్సర్‌లో ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. మామూలు కెమెరాల్లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చని, పావువంతు ఎరుపుని, పావువంతు నీలాన్ని చూస్తాయి. మిగతా రెండు రంగుల్ని సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి ఊహిస్తుంది. కాబట్టి ఒక నీలం పిక్సెల్ తప్పు చెబితే ఆ తప్పు దానితో ఆగదు, పక్కవాటికీ పాకుతుంది. దీపపు వెలుగులో నీలం మరీ తక్కువ. ఆ పసుపుని సరిచేసి తెల్లగా చూపించడానికి వైట్ బ్యాలెన్స్ నీలాన్ని మిగతా రంగులకంటే ఎన్నో రెట్లు పెంచుతుంది. అసలే కణాలు లేని చోట ఉన్న కొద్దిపాటి తప్పు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. అమ్మమ్మ చీర మీద ఊదా మచ్చలకు మూలం ఇదే.

రెండోది జేపెగ్ దగ్గర. జేపెగ్ ఫైలు బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, సన్నటి తేడాలను ముందు పారేస్తుంది. రంగు సమాచారాన్ని చాలాసార్లు సగం కొలతకు కుదిస్తుంది కూడా. చీకటి భాగంలో సన్నటి గ్రెయిన్ పోయి, మోటు తేడాలు గళ్లుగళ్లుగా మిగులుతాయి. పైగా జేపెగ్‌లో ఒక్కో రంగుకి ఉన్నవే 256 మెట్లు. బాగా నల్లబడిన చీరకి వాటిలో పదో పదిహేనో దక్కుతాయి. వాటిని సాగదీస్తే మడతల మీద ఉండాల్సిన నునుపు నీడలు పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. కెమెరా దాచే రా ఫైలు 14 బిట్లదైతే మెట్లు 16,384. కుదింపు గళ్లూ ఉండవు. అందుకే చీకటి తేల్చే పని రా ఫైలు మీదే చెయ్యాలి. చాలా ఫోన్లలో కూడా ప్రో మోడ్‌లో డీఎన్‌జీ పేరుతో రా ఫైలు దాచుకునే వీలుంది.

మూడోది అందరూ మందు అనుకునే చోటే, అంటే నాయిస్ తగ్గించడం దగ్గర. పక్కపక్క పిక్సెళ్లను కలిపి సగటు తీయడమే ఈ పనికి మూలసూత్రం. తొమ్మిది పిక్సెళ్ల సగటు తీస్తే నాయిస్ మూడోవంతుకు తగ్గుతుంది. పోగా మిగిలిన ఆ మూడోవంతు ఇప్పుడు ఒక్కో పిక్సెల్‌లో లేదు, మూడు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుని ఉంది. సన్నది పోయి వెడల్పాటిది మిగిలింది. మన కన్ను సన్నటి గ్రెయిన్‌ని కాస్త దూరం నుంచి తనే సగటు తీసుకుని మరచిపోతుంది. వెడల్పాటి మచ్చని మాత్రం బొమ్మలో ఉన్న వస్తువే అనుకుంటుంది. అరకొరగా తీసిన నాయిస్, తీయని నాయిస్ కంటే వికారంగా కనబడటానికి కారణం ఇది.

ఇక్కడ మనకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. కన్ను వెలుగులో తేడాలను పట్టుకున్నంత చురుగ్గా రంగులో తేడాలను పట్టుకోలేదు. జేపెగ్ రంగుని సగానికి కుదించినా మనకు తెలియకపోవడానికి కారణం అదే. కాబట్టి రంగుని ఎంతో వెడల్పున సగటు తీసినా బొమ్మ చెడదు. వెలుగుని మాత్రం అలా చేశామంటే జరీ, ముడత, వెంట్రుక అన్నీ పోతాయి. పద్ధతంతా ఇందులోంచే వస్తుంది. రంగు నాయిస్‌ని, ముఖ్యంగా వెడల్పాటిదాన్ని, గట్టిగా తీసెయ్యాలి. వెలుగు నాయిస్‌ని సన్నగా, సమంగా ఉండనివ్వాలి.

అమ్మమ్మ ఫోటో మీద పని

దీన్ని డార్క్‌టేబుల్‌లో చేసి చూద్దాం. ఇది ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. రా ఫైలు తెరిచాం. బొమ్మలో మూడు రకాల చోట్లున్నాయి. ఒకటి ప్రమిదల మంటలు, వాటిని ముట్టుకోనక్కర్లేదు. రెండు, మూడు స్టాప్‌లు పైకి రావాల్సిన ముఖమూ చీరా. మూడు, వెనక తలుపు సందు, అరుగు కింది చీకటి. అక్కడ చూడాల్సింది ఏమీ లేదు, దాన్ని పైకి తేనక్కర్లేదు. పని మొదలుపెట్టేముందే ఈ మూడోదాన్ని గుర్తుపట్టడం మంచిది. చాలా ఫోటోల్లో ఎక్కువ మచ్చలు పుట్టేది ఎవరికీ అక్కర్లేని చీకటిని పైకి తేవడం వల్లే.

మొదటి పని వైట్ బ్యాలెన్స్. ప్రమిద వెలుగుని తెల్లగా మార్చాలని చూడకండి. ముఖం సహజంగా కనబడేంతవరకు సరిచేసి, కాస్త పసుపు ఉండగానే ఆపాలి. దీపావళి రాత్రి కళా నిలుస్తుంది, నీలం నాయిస్ కూడా తక్కువ పెరుగుతుంది.

రెండోది వెలుగు పెంచడం. `exposure` మాడ్యూల్‌లో బొమ్మ మొత్తాన్ని మూడు స్టాప్‌లు పెంచకుండా ఒకటిన్నర పెంచుదాం. మిగతా ఒకటిన్నర `tone equalizer` మాడ్యూల్‌తో, కావలసిన చోటే. ఇది బొమ్మని వెలుగు స్థాయిలను బట్టి విడదీసి, ఒక్కో స్థాయిని విడిగా పెంచనిస్తుంది. మౌస్‌ని చీర మీద ఉంచి చక్రం తిప్పితే ఆ స్థాయి చీకటి పైకి వస్తుంది. తలుపు సందు అంతకంటే చీకటి స్థాయిలో ఉంది కనుక దాన్ని అక్కడే వదిలేయవచ్చు. ఈ మాడ్యూల్ వెలుగు స్థాయిని లెక్కించేటప్పుడు సన్నటి వివరాలను పక్కనపెట్టి పెద్ద ప్రాంతాలను చూస్తుంది. అందువల్ల మడతంతా కలిసి పైకొస్తుంది, అందులో జరీకీ పట్టుకీ ఉన్న తేడా చదునైపోదు.

మూడోది అసలు పని, `denoise (profiled)`. ఒక్కో కెమెరా మోడల్‌కి, ఒక్కో ఐఎస్‌ఓకి నాయిస్ ఎంత ఉంటుందో ముందే కొలిచిన లెక్కలు ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. మనం మాడ్యూళ్లను ఏ వరసలో తెరిచినా, బొమ్మ మీద ఇది వెలుగు పెంచకముందే పనిచేస్తుంది. ఈ వరస ముఖ్యం. కొలిచిన లెక్కలు కెమెరా ఇచ్చిన అంకెలకు సరిపోతాయి, మనం సాగదీసిన అంకెలకు సరిపోవు. అయితే మూడు స్టాప్‌లు పైకి తెచ్చిన ఫోటోకి మామూలు మోతాదు చాలదు. అందుకు ఇందులోనే `adjust autoset parameters` అనే స్లైడర్ ఉంది. మనం వెలుగు ఎంత ఎక్కువగా పెంచితే దీన్ని అంత పెంచుకుంటూ పోవాలి.

`mode` దగ్గర `wavelets auto` ఎంచుకుని, `color mode` దగ్గర `Y0U0V0` పెట్టండి. దీంతో వెలుగూ రంగూ విడిపోతాయి. `Y0` వెలుగు, `U0V0` రంగు. ఒక్కోదానికి ఒక్కో గీత కనబడుతుంది. గీతకి ఎడమవైపు వెడల్పాటి నాయిస్, కుడివైపు సన్నటి నాయిస్. గీతని ఎక్కడ పైకి లాగితే ఆ కొలత నాయిస్ అంత ఎక్కువగా పోతుంది. `U0V0` గీతలో ఎడమవైపు భాగాన్ని పైకి లాగుతుంటే చీర మీది ఊదా, గోధుమ మచ్చలు ఒక్కొక్కటే మాయమవుతాయి. `Y0` గీతలో కుడివైపు చివరని కాస్త కిందికి దించితే సన్నటి గ్రెయిన్ కొంత తిరిగొస్తుంది, దాంతో పాటు పట్టు నేత కూడా. ఈ గ్రెయిన్‌ని చూసి చెయ్యి దురదపెట్టి మళ్లీ తీసెయ్యకండి. మిగిలిన కొద్దిపాటి వెడల్పు మచ్చలను కంటికి ఆననీయకుండా కప్పేది ఇదే.

లైట్‌రూమ్ వాడేవాళ్లకి ఇదే పని `Color` స్లైడర్, దాని కిందే ఉండే `Smoothness` చేస్తాయి. వెడల్పాటి రంగు మచ్చలకోసం ఉన్నది ఆ `Smoothness` ఒక్కటే. చాలామంది దాన్ని ముట్టుకోకుండా `Luminance` స్లైడర్‌ని యాభై దాటించి, ముఖాన్ని మైనం చేసుకుంటారు.

నాలుగోది చీకటిలో రంగు గాఢత. వెలుగు పెంచినప్పుడు రంగు కూడా చిక్కబడితే మిగిలిన రంగు నాయిస్ మళ్లీ లేస్తుంది. `color balance rgb`లో చీకటి భాగానికి మాత్రం రంగుని కాస్త తగ్గిస్తే సరిపోతుంది. మసక వెలుగులో మన కంటికి కూడా రంగులు వెలిసినట్టే కనిపిస్తాయి కనుక అది అసహజం అనిపించదు. షార్ప్ చెయ్యడం, లోకల్ కాంట్రాస్ట్ పెంచడం లాంటివి ముఖానికీ ప్రమిదలకీ పరిమితం చేసి, చీకటి భాగాన్ని మాస్క్‌తో తప్పించాలి. లోకల్ కాంట్రాస్ట్ ప్రత్యేకంగా వెడల్పాటి తేడాలనే పెంచుతుంది. మనం కష్టపడి అణచినవి అవే.

ఎలా చూస్తే తెలుస్తుంది

నాయిస్ పని చేసేటప్పుడు అందరూ వంద శాతానికి జూమ్ చేసి చూస్తారు. జరీ నిలిచిందా, ముడతలు పోయాయా అన్నది అక్కడే తెలుస్తుంది. మచ్చలు మాత్రం అక్కడ సరిగ్గా తెలియవు. వాటికోసం బొమ్మని చిన్నది చెయ్యాలి, తెరమీద పావు సైజుకి. సన్నటి గ్రెయిన్ అప్పుడు తనంతట తనే కరిగిపోతుంది, వెడల్పాటి మచ్చ కరగదు. చిన్న బొమ్మలో చీర రంగు అక్కడక్కడ మారుతున్నట్టుంటే `U0V0` గీతలో ఎడమవైపు ఇంకా పని ఉందన్నమాట.

ఇంకో పరీక్ష ఉంది. `exposure`ని కాసేపు మరో రెండు స్టాప్‌లు పెంచి చూడండి. దాగి ఉన్న లోపాలన్నీ బయటపడతాయి. చూసుకుని, మళ్లీ పాత చోటికి తెచ్చేయండి. ఈ పరీక్షలో మచ్చలు కాకుండా చీకటంతా ఒకే రంగుకి, ఊదాకో ఆకుపచ్చకో, తిరిగినట్టు కనిపిస్తే అది వేరే లోపం. ఏది సున్నా వెలుగు అన్న లెక్క కొంచెం తప్పిందని అర్థం. సున్నాకి కిందపడ్డ అంకెలను సాఫ్ట్‌వేర్ సరిగ్గా సర్దకపోయినా ఇలాగే అవుతుంది. `denoise (profiled)`లో `wavelets auto` బదులు `wavelets` ఎంచుకుంటే `bias correction` అనే స్లైడర్ కనబడుతుంది. చీకటి ఆకుపచ్చగా ఉంటే దాన్ని పెంచాలి, ఊదాగా ఉంటే తగ్గించాలి. దీన్ని నాయిస్ అనుకుని ఎంత నునుపు చేసినా పోదు.

రంగు నాయిస్‌ని మరీ గట్టిగా తీస్తే దానికీ ఒక గుర్తుంది. చీర ఆకుపచ్చ, అంచు మెరూన్ అనుకుందాం. ఆ రెండూ కలిసే గీత దగ్గర రంగు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి కారుతుంది. బొట్టు చిన్నదైతే వెలిసిపోయి చర్మంలో కలుస్తుంది. నుదుటి బొట్టుని చూస్తూ గీతని పైకి లాగడం మంచి పద్ధతి. బొట్టు ఎరుపు తగ్గడం మొదలవగానే ఒక మెట్టు వెనక్కి రావాలి.

చివరగా ఫైలు బయటికి తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోని 2,000కి కుదిస్తే తొమ్మిది పిక్సెళ్లు ఒకటవుతాయి, సన్నటి గ్రెయిన్ మూడోవంతుకి తగ్గుతుంది. తెరమీద చూడటానికైతే `Y0`లో మనం వదిలిన గ్రెయిన్ ఇక కనబడదు, ఇంకా తీయక్కర్లేదు. జేపెగ్ క్వాలిటీని 90కి తగ్గించకండి. తక్కువ క్వాలిటీలో ఆ గ్రెయిన్‌ని కుదింపు మళ్లీ గళ్లు చేస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది మరోసారి కుదిస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపడం మేలు.

ఎంతవరకు

మూడు స్టాప్‌లు ఇప్పటి కెమెరాల రా ఫైళ్లు మామూలుగా తట్టుకుంటాయి. ఐఎస్‌ఓ తక్కువలో తీసిందైతే నాలుగు కూడా. ఐఎస్‌ఓ ఎక్కువలో తీసిన ఫోటో అయితే అసలే తక్కువ వెలుగు పోగుచేసి ఉంటుంది కనుక రెండు దాటేసరికే కష్టం. ఫోన్ జేపెగ్ అయితే ఒకటి, ఒకటిన్నర దగ్గర ఆగడం మంచిది. అందులో నాయిస్ తగ్గించే పని ఫోనే చేసేసి ఉంటుంది. పోయిన నేత తిరిగి రాదు, మిగిలిన మచ్చలను పెద్దవి చేయడం తప్ప మనం చేయగలిగింది తక్కువ.

నీలంలో ఒకటీ రెండూ కణాలు కూడా పడని చోట రంగు అన్నదే లేదు. ఎంత గీత లాగినా ఆ చీర ఆకుపచ్చో నీలమో ఫైలుకే తెలియదు. అలాంటి ఫోటోని నలుపు తెలుపు చేస్తే రంగు మచ్చల గొడవ పోతుంది. అప్పుడు వెలుగు గ్రెయిన్ ఒక్కటే మిగులుతుంది. ఎక్కువ వెలుగు పోగుచేసిన ఆకుపచ్చ పిక్సెళ్లకి ఎక్కువ వాటా ఇచ్చి, నీలానికి దాదాపు ఏమీ ఇవ్వకుండా మారిస్తే ఆ గ్రెయిన్ కూడా తగ్గుతుంది.

వచ్చే దీపావళికి ఇదే ఫోటో తీయాలంటే పనికొచ్చేది ఐఎస్‌ఓ పెంచడం కాదు, ఎక్కువ కణాలు పోగుచేయడం. కెమెరాని అరుగు మీద ఆనించి షటర్‌ని 1/60 సెకను నుంచి 1/15కి తెస్తే నాలుగు రెట్ల వెలుగు వస్తుంది, చీకటిలో తేడా నిష్పత్తి సగమవుతుంది. అమ్మమ్మని ఒక్క క్షణం కదలకుండా కూర్చోమంటే చాలు. లేదా కెమెరా కదపకుండా ఒకేలాంటి ఫోటోలు నాలుగు తీసి తర్వాత సగటు తీసినా లాభం దాదాపు అంతే. ఫోన్లలో నైట్ మోడ్ చేసేది కూడా ఇదే పని. ఒక ఫోటోలోని పక్కపక్క పిక్సెళ్లను కలిపితే వివరం పోతుంది. అదే పిక్సెల్‌ని నాలుగు ఫోటోల్లోంచి తెచ్చి కలిపితే వివరం పోదు, మచ్చా పుట్టదు.